నలభై నిమిషాల ట్యుటోరియల్‌లో లెక్కల వరుస: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ ఎవరి కోసం?

సాయంత్రం బడి అయ్యాక పదో తరగతి పిల్లలను ఓ పది పన్నెండు మందిని కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాళ్ల కోసం. నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వైపు ఇలా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరు బడి టీచర్లు, కొందరు ఊళ్లోనే ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లు. అందరికీ దొరికేది ఇంచుమించు నలభై నిమిషాలే. ఆ తర్వాత తండాలకు, పక్క ఊళ్లకు పోయే పిల్లలు ఆటో కోసం చూస్తుంటారు.

అన్ని పాఠాల గురించీ పైపైన చెప్పడం కంటే ఒక్క పాఠాన్ని పట్టుకుని చూద్దాం. త్రికోణమితి అనువర్తనాలు, అంటే చెట్ల ఎత్తులు, టవర్ల దూరాలు కనుక్కునే లెక్కలు. తేలిక నుంచి కష్టానికి పోయే ప్రశ్నల వరుస తప్పితే పిల్లలు ఎక్కడ జారిపోతారో ఈ పాఠంలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

తేలిక ప్రశ్న అంటే చిన్న అంకెలు ఉన్న ప్రశ్నేనా?

కాదు. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. 10 మీటర్లకు బదులు 37 మీటర్లు ఇచ్చినంత మాత్రాన లెక్క కష్టం కాదు, గుణకారం కాస్త పొడుగవుతుంది అంతే. పిల్లవాడు తనంతట తాను ఎన్ని నిర్ణయాలు తీసుకోవాలన్నదే లెక్క కష్టాన్ని తేలుస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. "తాటిచెట్టు మొదలుకు 10 మీటర్ల దూరంలో నిలబడితే చెట్టు కొన 60° ఊర్ధ్వ కోణంలో కనిపిస్తుంది. చెట్టు ఎత్తెంత?" ఇందులో నిర్ణయాలు రెండు. బొమ్మలో 10 ఎక్కడ రాయాలి, sin, cos, tanలలో ఏది వాడాలి. ఇప్పుడు ఇది చూడండి. "ఒకచోట నిలబడితే చెట్టు కొన 30° కోణంలో కనిపించింది. చెట్టు వైపు 20 మీటర్లు నడిస్తే 60° అయింది. ఎత్తెంత?" అంకెలు మొదటి లెక్కలో ఉన్నట్టే ఉన్నాయి. కానీ రెండు త్రిభుజాలు ఉన్నాయని పిల్లవాడే గుర్తించాలి. 20 అనేది ఏ త్రిభుజానికీ పూర్తి భుజం కాదని తెలుసుకోవాలి. తెలియని దూరానికి x అని తానే పేరు పెట్టుకోవాలి. రెండు సమీకరణాలు రాసి ఒకదానిని ఇంకోదానిలో పెట్టాలి.

ప్రశ్నలను తేలిక, మధ్యరకం, కష్టం అని విడదీసేటప్పుడు పిల్లవాడు ఎన్నిచోట్ల ఆగి ఆలోచించాలో లెక్కపెట్టండి. ప్రశ్న ఎన్ని లైన్లు ఉందో, √3 ఉందో లేదో చూసి తేల్చకండి.

వరుసను ఎక్కడి నుంచి తయారు చేయాలి?

చివరి నుంచి. ఈ రోజు పిల్లలు ఏ పెద్ద లెక్క చేయగలగాలో ముందు నిర్ణయించుకోండి. దాన్ని మీరే కాగితం మీద పూర్తిగా చేయండి. చేస్తూ చేస్తూ ఒక్కో మెట్టు దగ్గర గీత పెట్టండి. ఆ మెట్లే మీ తేలిక ప్రశ్నలు.

పుస్తకం తెరిచి అభ్యాసంలో మొదటి నాలుగు లెక్కలు తేలికగా ఉన్నాయని వాటితో మొదలుపెడితే పిల్లలు చేసేస్తారు, సంతోషిస్తారు. కానీ పెద్ద లెక్కకు కావలసింది ఆ నాలుగింటిలో లేకపోవచ్చు. అప్పుడు ఐదో లెక్క దగ్గర క్లాసంతా ఒక్కసారిగా మౌనమైపోతుంది. పిల్లలు కదిలారు నిజమే, కానీ పోవలసిన దిక్కుకు కదల్లేదు.

మొత్తం వరుస ఒకసారి చూపిస్తారా?

పైన చెప్పిన 30°, 60°, 20 మీటర్ల లెక్కనే ఈ రోజు చేరాల్సిన చోటు అనుకుందాం. దానికి జవాబు ఇలా వస్తుంది. 20 మీటర్లు నడిచాక చెట్టు మొదలుకు ఇంకా x మీటర్లు ఉందనుకుంటే, దగ్గరి చోటు నుంచి h = x√3. దూరపు చోటు నుంచి h = (x + 20)/√3. రెండూ ఒకే ఎత్తు కాబట్టి 3x = x + 20, అంటే x = 10. చెట్టు ఎత్తు 10√3, దాదాపు 17.3 మీటర్లు. మన వైపు తాటిచెట్టుకు ఇది నమ్మదగ్గ ఎత్తే. పిల్లలకు ఈ మాట కూడా చెప్పండి. జవాబు 173 అని వచ్చినప్పుడు వాళ్లకే అనుమానం రావాలి.

ఇప్పుడు దీన్ని ముక్కలు చేద్దాం.

మొదటి ప్రశ్నకు మూడు నిమిషాలు. సెల్ టవర్‌కు 15 మీటర్ల దూరంలో నిలబడితే కొన 45° కోణంలో కనిపిస్తుంది, ఎత్తెంత? tan 45° = 1 కాబట్టి 15 మీటర్లు. లెక్కించడానికి ఏమీ లేదు. పిల్లలు బొమ్మ గీస్తున్నారా, కోణాన్ని నేల దగ్గర పెడుతున్నారా అని చూడటానికే ఈ ప్రశ్న.

రెండో ప్రశ్నకు నాలుగు నిమిషాలు. తాటిచెట్టుకు 10 మీటర్ల దూరం, కోణం 60°. ఎత్తు 10√3.

మూడో ప్రశ్నకు ఐదు నిమిషాలు. తాటిచెట్టుకు 30 మీటర్ల దూరం, కోణం 30°. జవాబు 30/√3 అని వస్తుంది. దాన్ని పైనా కిందా √3తో గుణించి 10√3 చేయాలి. చాలామంది ఇక్కడ ఒక నిమిషం ఆగుతారు, అందుకే ఐదు నిమిషాలు ఇచ్చాం.

ఎవరో ఒకరు తల ఎత్తి, "సార్, రెండిట్లోనూ ఒకటే ఎత్తు వచ్చింది" అంటారు. అనకపోతే మీరే రెండు జవాబులనూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఊరుకోండి. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న ఒకే చెట్టు గురించినవి. ఒకటి 10 మీటర్ల నుంచి, ఇంకోటి 30 మీటర్ల నుంచి. వాటి మధ్య తేడా 20. పెద్ద లెక్క అంటే ఈ రెండింటినీ ఒకే బొమ్మలో పెట్టి, 10నీ 30నీ దాచేయడమే.

నాలుగో ప్రశ్నకు నాలుగు నిమిషాలు. గాలిపటం దారం 40 మీటర్లు, బిగువుగా ఉంది, నేలతో 30° కోణం చేస్తోంది. గాలిపటం ఎంత ఎత్తులో ఉంది? ఇక్కడ tan పనికిరాదు. sin 30° = ½ కాబట్టి 20 మీటర్లు. ఇది పెద్ద లెక్కకు మెట్టు కాదు. ఇది ఎందుకు ఉందో కింద ఇంకో ప్రశ్నలో చెప్తాను.

ఐదో ప్రశ్నకు కూడా నాలుగు నిమిషాలే. బొమ్మ లేదు, చెట్టు లేదు. బోర్డు మీద x√3 = (x + 20)/√3 అని రాసి x ఎంతో కనుక్కోమనండి. పెద్ద లెక్కలో పిల్లలు బొమ్మ సరిగ్గా గీసి, సమీకరణాలు సరిగ్గా రాసి, ఈ ఒక్క లైను దగ్గర ఓడిపోతారు. √3 × √3 = 3 అన్నది చేతికి తగిలేలా ముందే చేయిస్తే, పెద్ద లెక్క మధ్యలో బీజగణితం అడ్డు పడదు.

ఇక్కడికి ఇరవై నిమిషాలు. ఆరో ప్రశ్న మన పెద్ద లెక్క. దానికి పన్నెండు నిమిషాలు వదలండి. ఏడో ప్రశ్నకు ఆరు నిమిషాలు. 30 మీటర్ల ఎత్తున్న వాటర్ ట్యాంకు పైనుంచి చూస్తే ఒకే వైపు, ఒకే దారి మీద ఉన్న రెండు ఆటోలు 60°, 30° నిమ్న కోణాల్లో కనిపిస్తున్నాయి. వాటి మధ్య దూరమెంత? దగ్గరి ఆటో 10√3 మీటర్లు, దూరపు ఆటో 30√3 మీటర్లు, మధ్య దూరం 20√3, అంటే దాదాపు 34.6 మీటర్లు. మిగిలిన రెండు నిమిషాలు కూర్చోవడానికి, పలకలు తుడవడానికి పోతాయి. ఆ టైమ్‌ను కూడా లెక్కలో ఉంచుకోవాలి.

మొదటి ప్రశ్న మరీ అంత తేలికైతే పిల్లలు నవ్వరా?

ఒకరిద్దరు నవ్వుతారు. ఫరవాలేదు. మొదటి ప్రశ్నకు క్లాసులో ప్రతి ఒక్కరూ జవాబు రాయగలగాలి. పన్నెండు మందిలో తొమ్మిది మంది రాస్తే అది మొదటి ప్రశ్నకు తగినంత తేలిక కాదు. ఆ ముగ్గురు క్లాసు మొదలైన మూడో నిమిషంలోనే "ఇది నాకు రాదు" అనుకుని కూర్చుంటే తిరిగి లేపడం చాలా కష్టం.

అయితే తేలిక ప్రశ్నను నోటితో అడిగితే పనికిరాదు. ముందు బెంచీలో చురుకైన పిల్ల "పదిహేను సార్!" అంటుంది, మిగతావాళ్లు తలలూపుతారు. ఎవరికి వచ్చిందో మీకు తెలియదు. పలకలు కానీ, పాత నోట్సుల వెనక అట్టలు కానీ ఇచ్చి రాయమనండి. అందరూ రాసేదాకా ఎవరూ చూపించకూడదు. మీరు "తిప్పండి" అన్నప్పుడు అందరూ ఒకేసారి తిప్పాలి. పది సెకన్లలో క్లాసంతా మీ కళ్ల ముందుంటుంది.

ప్రశ్న అడిగాక మౌనంగా ఆగడం కూడా ఇందులో భాగమే. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో చూపించారు. మూడు సెకన్లు చెప్పినంత తేలిక కాదు. మనసులో నెమ్మదిగా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకోండి.

తేలిక ప్రశ్నల్లోనే సగం టైమ్ అయిపోతోంది. ఏం చేయాలి?

ఇది చాలా క్లాసుల్లో కనిపించే ఇబ్బంది. కారణం సాధారణంగా ప్రశ్నలు కావు, తేలిక ప్రశ్నను కూడా బోర్డు మీద మొత్తం చేసి చూపించే అలవాటు. అందరి పలకల మీదా 15 అని కనిపించాక మళ్లీ బోర్డు మీద బొమ్మ గీసి, సూత్రం రాసి, జవాబు కింద గీత కొట్టడం అవసరం లేదు. "బాగుంది, తర్వాతిది" అని ముందుకు పోవాలి. బోర్డు మీద వివరంగా చేయాల్సింది పలకల మీద నాలుగైదు రకాల జవాబులు కనిపించిన చోట మాత్రమే.

ఒక గుర్తు పెట్టుకోండి. ఇరవయ్యో నిమిషానికి పెద్ద లెక్క బోర్డు మీద ఉండాలి. పదహారో నిమిషంలోనే ఆలస్యం అవుతోందని తెలిస్తే గాలిపటం ప్రశ్న వదిలేయండి. మూడో ప్రశ్న, ఐదో ప్రశ్న మాత్రం వదలకండి, అవి పోతే పెద్ద లెక్కకు దారి లేదు. ఇంకా ఆలస్యమైతే వాటర్ ట్యాంకు లెక్కను రేపటికి పెట్టండి. పెద్ద లెక్కను మాత్రం పన్నెండు నిమిషాల కంటే కుదించవద్దు. చివరి ఐదు నిమిషాల్లో మీరే గబగబా చేసి చూపిస్తే, పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటారు తప్ప నేర్చుకోరు.

పెద్ద లెక్క దగ్గర క్లాసంతా ఆగిపోతే?

ముందు ఎక్కడ ఆగారో చూడాలి. ఈ లెక్కలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. tan 30° = h/20 అని రాస్తారు. కళ్ల ముందు 20 కనిపిస్తోంది, 30° కనిపిస్తోంది, రెండూ కలిపేస్తారు. పలకల మీద 20/√3 అన్న జవాబు కనిపిస్తే ఈ తప్పే జరిగిందని తెలిసిపోతుంది.

అప్పుడు "అది తప్పు, x + 20 రాయాలి" అని చెప్పకండి. చెప్తే రాస్తారు, కానీ ఎందుకో తెలియదు. దానికి బదులు మధ్యలో ఒక చిన్న ప్రశ్న వేయండి: "బొమ్మలో 20 మీటర్ల గీత మీద వేలు పెట్టు. ఆ గీత చెట్టును తాకుతోందా?" తాకదు. "మరి 30° ఉన్న త్రిభుజం అడుగు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?" ఇక్కడ సగం మంది తామే దిద్దుకుంటారు. మిగిలినవాళ్లను మూడో ప్రశ్న బొమ్మ దగ్గరికి తీసుకుపోండి. అక్కడ అడుగు 30. "ఈ 30లో మనం నడిచింది ఎంత, మిగిలింది ఎంత?" ఇరవై నడిచాం, పది మిగిలింది. "ఇప్పుడు ఆ పది తెలియదనుకుందాం, దానికి పేరు పెట్టు."

వరుసను ముందే అలా అల్లుకోవడం వల్ల వచ్చే లాభం ఇది. ఆగిపోయినప్పుడు కొత్త వివరణ వెతుక్కోవలసిన పని లేదు. పిల్లలు పది నిమిషాల కిందట సొంతంగా చేసిన బొమ్మ వాళ్ల పలక మీదే, నోట్సులోనే ఉంటుంది. అందుకే మూడో ప్రశ్న బొమ్మను తుడవవద్దని ముందే చెప్పాలి.

అసలు బొమ్మే గీయలేకపోతే అది వేరే సమస్య. అప్పుడు నలుగురిని వరండాలోకి తీసుకుపోయి ఒకరిని చెట్టుగా నిలబెట్టి, ఇంకొకరిని నడిపించండి. ఒక్క నిమిషం పడుతుంది. దగ్గరికి పోయేకొద్దీ తల ఎక్కువ ఎత్తాల్సి వస్తుందని, అందుకే కోణం 30 నుంచి 60కి పెరిగిందని మెడకే తెలుస్తుంది.

మధ్యలో ఆ గాలిపటం లెక్క ఎందుకు? అది మెట్టు కాదన్నారు కదా?

మొదటి మూడు ప్రశ్నలూ tanతోనే తెగాయి. నాలుగోది కూడా అలాగే ఇస్తే పిల్లలు చదవడం మానేస్తారు. దూరం తీసుకుని tanతో గుణించేస్తారు, జవాబు వస్తుంది, మీకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. తేలిక నుంచి కష్టానికి పోయే వరుసలో ఉన్న అసలైన లోపం ఇదే. ఒకే రకం ప్రశ్నలు వరుసగా వస్తే, ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పని పిల్లల నుంచి మనమే లాగేసుకుంటాం. పబ్లిక్ పరీక్షలో ఏ లెక్కకు ఏది వాడాలో ఎవరూ చెప్పరు.

గాలిపటం ప్రశ్నకు పలకల మీద 40/√3 కనిపిస్తే, ఆ పిల్లలు ఇప్పటిదాకా అలవాటుతో చేశారని అర్థం. దారం ఏ భుజమో అడగండి. అది కర్ణమని వాళ్లే చెప్తారు.

బాగా వచ్చే పిల్లలు విసుగు పడరా?

పడతారు. మొదటి మూడు ప్రశ్నలు వాళ్లకు నాలుగు నిమిషాల పని. వాళ్లకు వేరే పాఠం ఇవ్వకండి, అదే లెక్కను లోతు చేయండి. పెద్ద లెక్క అయిపోయినవాళ్లకు 20 బదులు d అని ఇవ్వండి. x = d/2 అని, ఎత్తు d√3/2 అని వస్తుంది. అంటే 30°, 60° ఉన్నప్పుడు ఎంత నడిచామో అందులో సగం దూరం ఎప్పుడూ మిగిలే ఉంటుంది. తర్వాత "60° బదులు 45° అయితే ఇదే మాట నిలుస్తుందా?" అని అడగండి. నిలవదు. దాన్ని వాళ్లే తేల్చుకోవాలి.

ఇంకో మాట. వాళ్లను పక్కవాళ్లకు నేర్పమని పంపేటప్పుడు జవాబు చెప్పొద్దని, వేలు పెట్టి బొమ్మ మాత్రమే చూపించమని గట్టిగా చెప్పండి.

కష్టమైన లెక్కే ముందు ఇస్తే మేలంటారు కొందరు. నిజమా?

కొన్ని సందర్భాల్లో నిజమే. సింగపూర్‌లో మను కపూర్ చేసిన పరిశోధనల్లో, పాఠం చెప్పకముందే పిల్లలు కష్టమైన సమస్యతో కుస్తీ పట్టి, తర్వాత పాఠం విన్నప్పుడు భావన బాగా అర్థమైందని తేలింది. కానీ ఆ పద్ధతిలో కుస్తీ అయిపోయాక, పిల్లలు వేసిన దారులన్నీ తీసుకుని వివరంగా పాఠం చెప్పే టైమ్ ఉంటుంది. సాయంత్రం నలభై నిమిషాల్లో కుస్తీ మాత్రమే జరిగి పాఠం మిగిలిపోతే, పిల్లలు ఓటమితోనే ఇంటికి పోతారు. బడిలో రెండు పీరియడ్లు వరుసగా దొరికితే అలా చేసి చూడండి. సాయంత్రం క్లాసుకు నా మాట మాత్రం తేలికతో మొదలుపెట్టమనే.

పిల్లలు కొందరు ఇంగ్లీష్ మీడియం, కొందరు తెలుగు మీడియం. పదాలెలా?

ఊర్ధ్వ కోణం, యాంగిల్ ఆఫ్ ఎలివేషన్ అని రెండూ మొదటి ప్రశ్నలోనే బోర్డు పక్కన రాసేయండి. నిమ్న కోణం, యాంగిల్ ఆఫ్ డిప్రెషన్ కూడా అప్పుడే రాయండి, దాని పని ఏడో ప్రశ్నలో వచ్చినా సరే. కష్టమైన ప్రశ్నలో కొత్త పదం తగలకూడదు. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్ కాబట్టి ఇది ఇంకా అవసరం.

చివరి ప్రశ్న ఎలా ఉండాలి?

అన్నిటికంటే కష్టమైనదే చివర ఉండాలని లేదు. వాటర్ ట్యాంకు లెక్క చూడటానికి కొత్తగా ఉంటుంది, కానీ ట్యాంకు ఎత్తు తెలుసు కాబట్టి పెద్ద లెక్క కంటే తక్కువ నిర్ణయాలు అడుగుతుంది. అలసిన పిల్లలకు అది సరిపోతుంది. టైమ్ తక్కువుంటే బొమ్మ మాత్రమే చీటీ మీద గీయించి తీసుకోండి.

రేపటి క్లాసు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆ చీటీలు చూసి నిర్ణయించండి. నిమ్న కోణాన్ని చాలామంది ట్యాంకుకూ చూపు గీతకూ మధ్య పెడతారు. నిజానికి అది ట్యాంకు పైనుంచి అడ్డంగా గీసిన గీతకూ చూపు గీతకూ మధ్య ఉండాలి. పన్నెండు చీటీల్లో నాలుగింటికి మించి ఈ తప్పు ఉంటే రేపటి మొదటి ప్రశ్న అదే. లతీఫ్ సాహెబ్ గుట్ట మీద నిలబడి కిందున్న ఊరిని చూస్తున్న మనిషి బొమ్మ గీసి, అంకెలేమీ ఇవ్వకుండా, కోణం ఎక్కడుందో గుర్తు పెట్టమనండి. అందరూ గుర్తు పెట్టాక 45° అని రాసి ముందుకు పోవచ్చు. తప్పు ఒకటి రెండు చీటీల్లోనే ఉంటే ఆ పిల్లలను క్లాసుకు ముందు పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తే చాలు, అందరి టైమ్ తీసుకోనక్కర్లేదు.